ఎదుగుదల చార్టు శిక్షణకు ప్రత్యామ్నాయ ఏర్పాటు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

క్షేత్రస్థాయి శిక్షకులు తమ తరగతులను రూపొందించుకోవడంలో తోడ్పడటం నా వృత్తి. ఇక్కడ రాస్తున్న కేసు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఏజెన్సీ మండలానికి సంబంధించినది. సంస్థ పేరు, ఊరు, వ్యక్తులను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. శిక్షకురాలి అనుమతితోనే రాస్తున్నాను.

ఒక స్వచ్ఛంద సంస్థ అంగన్‌వాడీ టీచర్లకు పిల్లల ఎదుగుదల పర్యవేక్షణ మీద ఒకరోజు శిక్షణ ఇస్తుంది. తరగతి ఎక్కువగా మండల కేంద్రంలోని ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయపు సమావేశ మందిరంలో జరుగుతుంది. ప్రధాన శిక్షకురాలు ఒకరు, సహాయకుడు ఒకరు వెళ్తారు. స్లైడ్లు రాష్ట్రస్థాయి బృందం తయారుచేసి ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. తరగతిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, పిల్లవాడి వయసుకూ బరువుకూ సరిపోయే చుక్కను చార్టు మీద సరిగ్గా పెట్టి, ఆ చుక్క బరువు సరిపడా ఉందని చెప్పే ఆకుపచ్చ పట్టీలో పడిందా, తక్కువుందని చెప్పే పసుపులోనా, తీవ్రంగా తక్కువుందని చెప్పే నారింజలోనా అని చూసి, దాని అర్థాన్ని తల్లికి చెప్పగలగడం. బరువు, ఎత్తు ఎక్కిస్తే పిల్లవాడి స్థితిని పోషణ్ ట్రాకర్ యాప్ తానే లెక్కగడుతుంది గదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ గత నెల చుక్క ఎక్కడ ఉంది, ఈ నెల గీత పైకి వెళ్తోందా, పడిపోతోందా అన్నది తల్లికి చూపించి మాట్లాడాలంటే టీచరుకు చార్టు చదవడం వచ్చి ఉండాలి.

ఎదురైన సమస్య

ఒక తరగతిలో ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, సరిగ్గా చుక్కలు పెట్టే అభ్యాసం మొదలుకాబోతుండగా, కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆరిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతబడి ఉండటంతో అదీ వెంటనే ఆగిపోయింది. కార్యాలయపు వైఫై రూటర్ కూడా అదే కరెంటు మీద నడిచేది కనుక ఇంటర్నెట్ పోయింది. కొద్దిసేపటికి జనరేటర్ వేశారు, కానీ ఆ మందిరంలో ఉన్నది ల్యాంప్‌తో పనిచేసే పాత ప్రొజెక్టర్. అటువంటిది ఉన్నట్టుండి ఆగిపోతే ఫ్యాను చల్లబరిచే పని పూర్తికాదు. వేడిగా ఉన్న ల్యాంప్ కొన్ని నిమిషాలపాటు మళ్లీ వెలగదు. ఈ సంగతి తెలియని సహాయకుడు బటన్ పదేపదే నొక్కుతూ, కేబుల్ తీసి పెడుతూ ఉండిపోయాడు.

ల్యాప్‌టాప్ తిరిగి తెరుచుకున్నాక స్లైడ్లు రాలేదు, ఎందుకంటే అప్పటిదాకా వాటిని బ్రౌజర్‌లోనే నడిపారు. మందిరం లోపల మొబైల్ సిగ్నల్ లేదు. శిక్షకురాలి దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక పాత ప్రతి ఉంది. దాన్ని కార్యాలయపు కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపించాయి. ఆ ప్రతిని యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేశారు, ఆ ఫాంటు ఈ కంప్యూటర్‌లో లేదు. చివరికి ఆమె తన ఫోన్‌లో దొరికిన ఫోటోలు చూసి చదువుతూ తరగతి పూర్తిచేశారు. చార్టు అభ్యాసం జరగనే లేదు.

నన్ను సంప్రదించినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: “సార్, మాకు ఇంకో మంచి ప్రొజెక్టర్ కొనమని ఆఫీసుకు రాసి పెడతారా?”

మొదట ఆలోచించినది

పరికరం కొనాలా వద్దా అన్నదానికన్నా ముందు, ఆ రోజు జరిగినదాన్ని వరుసగా రాసుకుని, ప్రతి వైఫల్యం పక్కన దాని కారణం రాయమన్నాను. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ మూడూ వేర్వేరుగా విఫలమైనట్టు అందరూ చెప్పుకుంటున్నారు గానీ, కాగితం మీద చూస్తే మూడింటికీ కారణం కరెంటు ఒక్కటే. పెన్‌డ్రైవ్ ఒక్కటే వేరే కారణంతో విఫలమైంది. దీన్నిబట్టి ఆ తర్వాతి పని అంతటికీ ఒక పరీక్ష ఏర్పరచుకున్నాం. అసలుది ఏ కారణంతో ఆగిపోతుందో ప్రత్యామ్నాయం కూడా అదే కారణంతో ఆగిపోయేట్టయితే దాన్ని ప్రత్యామ్నాయంగా లెక్కించకూడదు. ఈ పరీక్ష ముందు రెండో ప్రొజెక్టర్ నిలబడదు. మొదటిది ఏ కరెంటుతో నడుస్తుందో రెండోదీ దానితోనే నడుస్తుంది.

ప్రయత్నించి చూసినవి, ఫలించనివి

అప్పటికే ఆ బృందం బ్యాటరీతో నడిచే ఒక చిన్న ప్రొజెక్టర్ తెప్పించి చూసింది. రాత్రి గదిలో బాగానే కనిపించిన బొమ్మ, తెరలు లేని కిటికీలున్న మందిరంలో పగటి వెలుతురుకు వెలిసిపోయింది. అక్షరాలు కష్టం మీద చదవగలిగినా పసుపు పట్టీ ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఈ తరగతిలో చూడవలసిందే ఆ సరిహద్దు కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

రెండో ప్రయత్నం ఫైలును ల్యాప్‌టాప్‌లోనే దాచుకోవడం. “ఫోల్డర్‌లో ఉంది సార్, నేనే చూశాను” అని సహాయకుడు నమ్మకంగా చెప్పాడు. వైఫై ఆపేసి తెరవమన్నాను, తెరుచుకోలేదు. అది క్లౌడ్‌తో అనుసంధానమైన ఫోల్డర్. అందులో ఫైలు పేరు, గుర్తు కనిపిస్తాయి గానీ, ఫైలు మొత్తం ల్యాప్‌టాప్‌లోకి దిగి ఉండనవసరం లేదు. పేరు పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటే అది ఆన్‌లైన్‌లోనే ఉన్నట్టు. కుడి క్లిక్ చేసి `Always keep on this device` ఎంచుకుని, మబ్బు గుర్తు పోయి ఆకుపచ్చ టిక్ గుర్తు వచ్చేదాకా ఆగితేనే అది చేతిలో ఉన్నట్టు. ఇంత కన్నా సులువైన దారి, ఫైలును ఆ ఫోల్డర్ నుంచి బయటికి కాపీ చేసి మామూలు ఫోల్డర్‌లో పెట్టుకోవడం. గుర్తులు గుర్తుంచుకోవలసిన అవసరం ఉండదు కాబట్టి మేము రెండోదాన్నే ఎంచుకున్నాం.

మూడో ప్రయత్నం స్లైడ్లన్నీ పేజీకి ఆరు చొప్పున ముద్రించి పంచడం. దీన్ని చాలా సంస్థలు చేస్తాయి కాబట్టి ఎందుకు పనికిరాలేదో కొంత వివరంగా చెప్పాలి. అక్షరాలు చిన్నవైపోవడం అందరికీ కనిపించే లోపమే. అంతకన్నా పెద్ద లోపం, జెరాక్స్‌లో చార్టు రంగు పోగొట్టుకోవడం. నలుపు తెలుపు ప్రతిలో పసుపు పట్టీ దాదాపు కాగితం రంగులో కలిసిపోయింది, ఆకుపచ్చ, నారింజ రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడ్డాయి. అంటే ఎదుగుదల బాగున్న పిల్లవాడి పట్టీ, బరువు తీవ్రంగా తక్కువున్న పిల్లవాడి పట్టీ చూడటానికి ఒకలాగే ఉన్నాయి. పైగా కాగితాలు ముందే చేతికి అందడంతో టీచర్లు తలలు వంచి చదువుకుంటూ ఉండిపోయారు, శిక్షకురాలు అడిగిన ప్రశ్నలకు గదిలో జవాబు రాలేదు.

పనిచేసిన దారి

ఈ మూడు ప్రయత్నాల తర్వాత నేను ప్రశ్నను మార్చాను. స్లైడ్లను ఎలా కాపాడుకోవాలి అని కాక, ఒక్కొక్క స్లైడు ఆ గదిలో ఏ పని చేస్తోంది అని అడుగుతూ కూర్చున్నాం. శిక్షకురాలు ప్రతి స్లైడు పక్కన “చెప్పవచ్చు”, “చూపాలి”, “చేయించాలి” అనే మూడింటిలో ఒక మాట రాశారు. సింహభాగం “చెప్పవచ్చు” కిందికే వచ్చింది. లక్ష్యాలు, పథకం వివరాలు, నియమాలు ఆమెకు కంఠతా వచ్చు, వాటికి తెర అక్కరలేదు. “చూపాలి” కింద మిగిలినవి బాలికల చార్టు, బాలుర చార్టు, బరువు తూచే పద్ధతి మీద ఒక వీడియో. “చేయించాలి” కిందికి చుక్కల అభ్యాసం వచ్చింది. ఆ తర్వాత ప్రణాళిక అంతా ఈ కొద్ది వాటి చుట్టూనే అల్లాం.

రెండు చార్టులనూ మండల కేంద్రంలోని ఫ్లెక్సు దుకాణంలో నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ముద్రించాం. చుట్టి సంచిలో వేసుకోవచ్చు, తడిసినా పాడవదు, కరెంటుతో పనిలేదు. అయితే మామూలు ఫ్లెక్సుకు మెరుపు ఉంటుంది. కిటికీకి ఎదురుగోడకు కట్టినప్పుడు వెలుతురు దాని మీద పడి వెనక వరుసలకు ఒక మూల అసలు కనిపించలేదు. కిటికీ ఉన్న గోడకు పక్కగోడ మీదికి మార్చితే ఆ ఇబ్బంది పోయింది. మార్కరుతో చుక్కలు పెడితే చెరగవు కాబట్టి మేజాల మీద పరిచే పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పుదామని నేను సూచించాను. అంతలో ఒక టీచరమ్మ తన పర్సులోంచి స్టిక్కర్ బొట్టుబిళ్లల అట్ట తీసి, ఒక బిళ్లను చార్టు మీద అంటించి చూపారు. అది వెనక వరుసకు కూడా కనిపిస్తుంది, తప్పయితే పీకి పక్కకు జరపవచ్చు, నెలనెలా బిళ్లలు పెడుతూపోతే పిల్లవాడి గీత కళ్ల ముందే తయారవుతుంది. ప్లాస్టిక్ షీటు ఆలోచన అక్కడితో ఆపేశాం.

చేతికిచ్చే ఖాళీ చార్టును మాత్రం జెరాక్స్‌కు తట్టుకునేలా తిరిగి గీయించాను. పట్టీల సరిహద్దు గీతలను మందంగా వేసి, పట్టీ లోపల రంగు పేరును అక్షరాలతో రాయించాం. టీచర్లు తమ కేంద్రాల్లో పిల్లలకోసం ఉన్న క్రేయాన్లు తెచ్చుకుని, అభ్యాసానికి ముందు తామే రంగులు నింపుతారు. దీనికి కొంత సమయం పోతుందని శిక్షకురాలు మొదట వెనకాడారు. నాకు అది పోయే సమయంగా అనిపించలేదు, ఎందుకంటే ఏ గీత ఏ పట్టీకి హద్దో చేత్తో నింపినవారు మరచిపోరు. పైగా ఈ కాగితాలు అభ్యాసం మొదలయ్యేటప్పుడే పంచుతారు కాబట్టి తలలు వంచి చదువుకునే సమస్య రాలేదు.

వీడియో విషయంలో నిర్ణయం త్వరగా తేలింది. అది ఇంటర్నెట్ లింకుగా ఉండేది. రాష్ట్ర బృందం దగ్గర్నుంచి అసలు ఫైలు తెప్పించాం. అది ఫోన్‌లో తీసినది, కొత్త రకం కుదింపుతో ఉండటం వల్ల కార్యాలయపు కంప్యూటర్‌లో శబ్దం మాత్రమే వచ్చి బొమ్మ రాలేదు. దాన్ని ఎక్కువ పరికరాల్లో నడిచే H.264 రకం MP4 గా మార్చి పెట్టుకున్నాం. కానీ అసలు ప్రత్యామ్నాయం తూనిక యంత్రమే. దాన్ని తరగతికి తెచ్చి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడటం దగ్గర్నుంచి ఎదురుగా చేసి చూపితే వీడియో అవసరం చాలావరకు తగ్గుతుంది.

ముద్రించిన రూపురేఖ

మొదటిసారి శిక్షకురాలు రాసుకొచ్చిన రూపురేఖ పూర్తి వాక్యాలతో నాలుగు పేజీలు ఉంది. రిహార్సల్‌లో ఆమె దాన్ని చదవడం మొదలుపెట్టారు, తల పైకెత్తలేదు. తప్పు ఆమెది కాదు, పూర్తి వాక్యం ఎదురుగా ఉంటే ఎవరైనా చదువుతారు. అందువల్ల దాన్ని ఒక్క ఏ4 కాగితానికి, రెండు వైపులా సరిపోయేలా కుదించాం. ఎంత కుదించినా వదలకూడనివిగా నాలుగు రకాలు పెట్టుకున్నాం: గడియారపు సమయం, గదిని అడగవలసిన ప్రశ్న, తప్పు పోకూడని అంకెలు, తెర లేకపోతే ఏం చేయాలి అన్నది. దూరం నుంచి కనిపించేలా 14 పాయింట్ల అక్షరాలతో, నీరు తగిలినా చెదరని లేజర్ ముద్రణలో తీయించాం. ఒక భాగం ఇలా ఉంటుంది:

11:00–11:40. చుక్క పెట్టడం.
ప్రశ్న: ఇద్దరు పిల్లలూ 18 నెలలవారే, ఇద్దరూ 8.5 కిలోలే. ఇద్దరి స్థితీ ఒకటేనా?
అంకెలు: 18 నెలలకు పసుపు మొదలయ్యే హద్దు పాపకు 8.1, బాబుకు 8.8.
జవాబు: పాప ఆకుపచ్చ, బాబు పసుపు.
తెర లేకపోతే: రెండు ఫ్లెక్సులు, బొట్టుబిళ్లలు. ఖాళీ చార్టులు ఇప్పుడే పంచాలి.

ఈ ఉదాహరణనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అవే అంకెలతో పాప, బాబు వేర్వేరు పట్టీల్లో పడటం చూస్తే, రెండు చార్టులు ఎందుకున్నాయో విడిగా వివరించనక్కరలేదు. పై హద్దులు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాలవి, మన చార్టులు వాటి ఆధారంగానే ఉన్నాయి. ఇలాంటి దశాంశాలను జ్ఞాపకం మీద వదిలేయలేం కాబట్టి కాగితం మీద ఉండాలి. మిగతా మాటలు ఆమెవే, వాటికి కాగితం అక్కరలేదు.

ఆఫ్‌లైన్ ప్రతులు

ప్రతులు ఎన్ని అన్నదానికన్నా ఏది ఏ వైఫల్యానికి అన్నది ముందు తేల్చాం. ల్యాప్‌టాప్‌లోని మామూలు ఫోల్డర్‌లో ఉన్న స్లైడ్ల ఫైలు ఇంటర్నెట్ లేనప్పటికి. తెలుగు అంతా యూనికోడ్‌లోకి మార్చి టైపు చేయించి, విండోస్‌లో సిద్ధంగా ఉండే `Nirmala UI` ఫాంటు వాడాం. దాని పక్కనే అదే ఫైలు పీడీఎఫ్. ఇందులో ఫాంటు ఫైలులోనే ఇమిడి ఉంటుంది కనుక, మరొకరి కంప్యూటర్‌లో తెరవవలసి వస్తే ఒత్తులు, గుణింతాలు చెదరవు. యానిమేషన్లు, వీడియో మాత్రం పోతాయి. పెన్‌డ్రైవ్‌లో ఈ రెండింటితోపాటు ప్రతి స్లైడునూ వరుస సంఖ్యతో JPEG బొమ్మగా కూడా ఉంచాం, ఎందుకంటే కొన్ని మందిరాల్లో ప్రొజెక్టర్‌కు బదులు గోడకు టీవీ ఉంటుంది, చాలా టీవీలు పెన్‌డ్రైవ్ నుంచి స్లైడ్ల ఫైలును తెరవలేవు గానీ ఫోటోలను చూపగలవు. ల్యాప్‌టాపే పోతే పనికొచ్చే ప్రతి ఇది. సహాయకుడి ఫోన్‌లో పీడీఎఫ్ ఒకటి ఉంటుంది, అది గదికి చూపడానికి కాదు, రూపురేఖ కాగితం పోతే శిక్షకురాలు చూసుకోవడానికి.

ముందురోజు సాయంత్రం జరిపే పరీక్ష తప్పనిసరి చేశాం. వైఫై ఆపి, ఛార్జర్ పీకి, ల్యాప్‌టాప్‌లోని ప్రతిని మొదటి స్లైడు నుంచి చివరిదాకా తిప్పాలి. తర్వాత పెన్‌డ్రైవ్‌ను తమది కాని మరో కంప్యూటర్‌లో పెట్టి పీడీఎఫ్ తెరవాలి. సొంత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌ను పరీక్షిస్తే ఫాంటు లోపం ఎప్పటికీ బయటపడదు.

తరగతి మధ్యలో నిర్ణయం

తెర ఆగిపోతే ఎంతసేపు ఎదురుచూడాలి అన్నది ముందే నిర్ణయించుకోకపోతే, “ఇప్పుడే వచ్చేస్తుంది” అనుకుంటూ అరగంట గడిచిపోతుంది. మేము పెట్టుకున్న హద్దు మూడు నిమిషాలు. కేబుల్ సరిచూడటానికి, విండోస్‌లో `Win+P` నొక్కి `Duplicate` ఎంచుకోవడానికి ఆ సమయం చాలు. వేడెక్కిన ల్యాంప్‌కు మాత్రం అది ఎటూ చాలదు. ఇంకో నియమం, కేబుళ్లను శిక్షకురాలు ముట్టుకోకూడదు. ఆ పని సహాయకుడిది. ఆ మూడు నిమిషాలూ ఆమె రూపురేఖలోని ప్రశ్నను గదిని అడిగి జవాబులు తీసుకుంటారు. హద్దు దాటాక తెర తిరిగివచ్చినా, జరుగుతున్న అభ్యాసం పూర్తయ్యేదాకా దానివైపు వెళ్లరు.

అసలు పరీక్ష

కొద్ది కాలానికి వేరే మండలంలో జరిగిన తరగతికి నేనూ వెళ్లాను. ఈసారి ఏదీ ఆగిపోలేదు. ప్రొజెక్టర్ వెలిగింది, ఫైలు తెరుచుకుంది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కానీ మేము మొదటి స్లైడుగా చేర్చిన పరీక్ష స్లైడులో ఏదో తేడాగా ఉంది. అందులో తెలుపు, ఆకుపచ్చ, పసుపు, నారింజ చతురస్రాలు నాలుగు, వాటి కింద పేర్లు ఉంటాయి. తెర మీద తెలుపు లేత నీలి ఆకుపచ్చగా, పసుపు ఆకుపచ్చగా, నారింజ ముదురు ఆకుపచ్చగా కనిపించాయి.

అది పాత వీజీఏ కేబుల్. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేర్వేరు పిన్నుల మీదుగా వెళ్తాయి. ఎరుపు మోసుకెళ్లే పిన్ను వంగినా వదులైనా, తెరకు ఆకుపచ్చ, నీలం మాత్రమే చేరతాయి. పసుపంటే ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల కలయిక కాబట్టి ఎరుపు పోతే మిగిలేది ఆకుపచ్చే. నారింజలో ఆకుపచ్చ వెలుగు తక్కువ కనుక అది ముదురుగా కనిపిస్తుంది. అంటే ఆ తెర మీద మా చార్టులో ప్రతి బిడ్డా ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపించేది. మిగతా స్లైడ్లు చూసేవారికి రంగు కాస్త తేడాగా ఉందనిపించి ఊరుకుంటారు, చార్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాఠం తలకిందులవుతుంది.

సహాయకుడు కేబుల్ తీసి పెట్టి, స్క్రూలు బిగించాడు. రంగు ఒకసారి వచ్చి మళ్లీ పోయింది. శిక్షకురాలు గడియారం చూసి, “తెర మీద మాటలు చూద్దాం, చార్టు మాత్రం గోడ మీదే” అని చెప్పి ఫ్లెక్సులు కట్టించారు. నా దృష్టిలో ఆ రోజు తీసుకున్న అత్యుత్తమ నిర్ణయం అదే, ఎందుకంటే ప్రత్యామ్నాయాన్ని మొత్తంగా కాక, అవసరమైన భాగానికే వాడారు. 18 నెలల బాబు బిళ్లను ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇద్దరు టీచర్ల మధ్య వాదన జరిగింది. ఒకరు వయసును పూర్తయిన నెలల్లో లెక్కించారు, మరొకరు నడుస్తున్న నెలను కూడా కలిపారు. స్లైడు మీద ముందే పెట్టి ఉంచిన చుక్కయితే ఈ పొరపాటును బయటపెట్టి ఉండేది కాదు.

ఈ కేసు నుంచి మా పద్ధతిలోకి వచ్చినవి

వైఫల్యమంటే తెర నల్లబడటమేనని అనుకోవడం మానేశాం. తప్పు రంగు, అంచులు తెగిన బొమ్మ, పాత అంకెలున్న ప్రతి వీటన్నిటిలోనూ తెర వెలుగుతూనే ఉంటుంది. అందుకే రంగుల పరీక్ష స్లైడు ఇప్పుడు వారి ప్రతి ఫైలులోనూ మొదట ఉంటుంది. దాని నాలుగు మూలల్లో చిన్న బాణం గుర్తులు కూడా పెట్టాం. పాత ప్రొజెక్టర్లలో తెర ఆకారం తేడా వల్ల అంచు తెగితే ఏదో ఒక బాణం కనిపించదు.

ఈ ఏర్పాటుకు హద్దులున్నాయి. ఇది ఒక గదిలో పట్టే మందికే సరిపోతుంది. పెద్ద సభలో నాలుగడుగుల ఫ్లెక్సు వెనక వరుసలకు కనిపించదు, అక్కడ చిన్న గుంపులుగా విడదీసి గుంపుకొక చార్టు ఇవ్వవలసిందే. తెర మీద చూపి తీరవలసిన సాఫ్ట్‌వేర్ శిక్షణలకు ఇది వర్తించదు. పోషణ్ ట్రాకర్ వాడకం నేర్పే తరగతికి స్క్రీన్‌షాట్లు ముద్రించి చూశాం గానీ, ఫోన్ చేతిలో లేకుండా అది రాలేదు.

ఇంకా సరిదిద్దుతున్న విషయం ప్రతుల తాజాదనం. రాష్ట్ర బృందం స్లైడ్లలో ఒక అంకె మార్చినప్పుడు ఆన్‌లైన్ ప్రతి మారుతుంది గానీ, పెన్‌డ్రైవ్, పీడీఎఫ్, కాగితం వాటంతట అవి మారవు. ప్రస్తుతానికి రూపురేఖ పై మూలలో, ఫైలు పేరులో, ఫ్లెక్సు అడుగున ఒకే తేదీ వేస్తున్నారు. ముందురోజు పరీక్షలో సహాయకుడు ఆ తేదీలు కలుస్తున్నాయో లేదో చూసి, కలవకపోతే కాగితం, పెన్‌డ్రైవ్ రెండూ కొత్తగా చేస్తాడు. ఫ్లెక్సు మీద అంకెలు ప్రమాణాలవే కాబట్టి దాన్ని మార్చవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.